నొప్పికి వెన్నుపాములో ద్వారం: ఒక భావన చరిత్ర

17వ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ నొప్పిని గంట తాడుతో పోల్చాడు. కింద తాడు లాగితే పైన గంట మోగినట్లే, కాలికి నిప్పు తగిలితే మెదడులో నొప్పి కలుగుతుందని ఆయన భావన. దీని ప్రకారం గాయం ఎంతో నొప్పీ అంతే ఉండాలి. ఈ లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పి మందు కావాలా అని అడిగాడు. సుమారు నాలుగింట మూడు వంతుల మంది వద్దన్నారు. వారి శరీరం మొద్దుబారలేదు. సూది సరిగా గుచ్చకపోతే అందరిలాగే బాధపడేవారు. గాయం వారికి యుద్ధరంగం నుంచి విముక్తి కాబట్టి నొప్పి తగ్గిందని బీచర్ వివరించాడు. అయితే మనసులోని అర్థం నాడులను ఎలా మార్చగలదన్న ప్రశ్న మిగిలింది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 'గేటు నియంత్రణ సిద్ధాంతాన్ని' ప్రతిపాదించి దీనికి దారి చూపారు. సన్నని నాడీతంతువులు నొప్పి సంకేతాన్ని, లావు తంతువులు స్పర్శను వెన్నుపాముకు తెస్తాయి. అక్కడి చిన్న నాడీకణాలు ద్వారంలా పనిచేస్తాయి. లావు తంతువుల సంకేతం ద్వారాన్ని మూస్తుంది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే ఉపశమనం కలగడానికి కారణం ఇదే. మెదడు కూడా పైనుంచి ఈ ద్వారాన్ని మార్చగలదని వారు అన్నారు. వారు గీసిన కణాల అనుసంధాన పటంలో కొన్ని వివరాలు తరవాత నిలవలేదు. కానీ ద్వారమనే మూలభావన నిలిచింది.

పైనుంచి వచ్చే దారికి ఆధారం 1969లో దొరికింది. డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల మధ్య మెదడులో ఒక చోట విద్యుత్తుతో ఉద్దీపన కలిగించి, మత్తుమందు లేకుండానే ఉదర శస్త్రచికిత్స చేయగలిగాడు. ఇక్కడి నుంచి సంకేతాలు మజ్జాముఖం గుండా వెన్నుపాముకు దిగుతాయి. వీటినే అవరోహణ మార్గాలు అంటాం. మజ్జాముఖంలో రెండు రకాల కణాలు ఉన్నాయి: ఒక రకం నొప్పిని అణచివేస్తుంది, రెండోది పెంచుతుంది. అంటే ఈ దారి బ్రేకుగానూ, యాక్సిలరేటరుగానూ పనిచేస్తుంది. ధ్యాస, భయం, ఆశలకు సంబంధించిన మెదడు భాగాలు మధ్య మెదడుతో కలిసి ఉన్నందువల్ల, నొప్పి ఎప్పుడు వస్తుందోనని కాచుకొని ఉన్నవారికి అదే దెబ్బ ఎక్కువగా తెలుస్తుంది.

1978లో లెవైన్, గోర్డన్, ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవారిని పరిశీలించారు. ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవారికి నాలోక్సోన్ ఇస్తే నొప్పి పెరిగింది. నాలోక్సోన్ మార్ఫిన్ వంటి పదార్థాల పనిని అడ్డుకొంటుంది. కాబట్టి ఆశ వల్ల కలిగిన ఉపశమనం ఊహ కాదు. శరీరం స్వయంగా తయారుచేసుకొన్న ఎండార్ఫిన్ల ఫలితమని వారు భావించారు. అయితే ధ్యాస మళ్లించడం వల్ల కలిగే ఉపశమనాన్ని నాలోక్సోన్ పూర్తిగా ఆపలేదు. మెదడుకు వేరే దారులు కూడా ఉన్నాయని దీన్నిబట్టి గ్రహించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బీచర్ చూసిన సైనికుల అనుభవాన్ని డెకార్ట్ నమూనా ఎందుకు వివరించలేదు? అవరోహణ మార్గాలు ఎలా వివరిస్తాయి?