ఫోను ధరలో కనపడని ఏళ్లు

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇన్నాళ్లపాటు అప్‌డేట్లు అందుతాయని గట్టిగా మాట ఇచ్చింది 2011 మేలో. గూగుల్ తన వార్షిక సభలో శామ్‌సంగ్, హెచ్‌టీసీ, మోటరోలా వంటి కంపెనీలను వెంటబెట్టుకుని, హార్డ్‌వేర్ అనుమతిస్తే కొత్త ఫోన్లకు 18 నెలలపాటు కొత్త వెర్షన్లు వస్తాయని ప్రకటించింది. కొన్ని నెలలకే ఆ కూటమి ఊసెత్తినవాళ్లు లేరు.

ఆ మాట ఎందుకు నిలవదో చూపించిన ఫోను గూగుల్ సొంతదే. 2011 నవంబరులో వచ్చిన గెలాక్సీ నెక్సస్‌కు 2013లో కిట్‌క్యాట్ రాదని తేల్చేశారు. 18 నెలల గడువు దాటిందన్నది అధికారిక కారణం. అసలు చిక్కు లోపలి చిప్పుది. దాన్ని తయారుచేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అప్పటికే ఫోన్ల వ్యాపారం నుంచి తప్పుకుంటోంది. ఫోను కంపెనీ ఎంత మంచిదైనా, చిప్పును నడిపే డ్రైవర్లను సరిదిద్దేవాళ్లు లేకపోతే కొత్త వెర్షన్ ఎక్కించడం గగనమే. ఫోనుకు ఎన్నేళ్ల ఆయుష్షో చాలావరకు చిప్పు కంపెనీ చేతిలోనే ఉందన్నమాట.

అప్పటిదాకా అప్‌డేట్ అంటే కొత్త హంగులనే జనం అనుకునేవారు. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడ్డాక ఆ అభిప్రాయం మారింది. వీడియోలను చదివే ఆండ్రాయిడ్ భాగంలో ఉన్న తప్పు అది. మోసపు వీడియో ఉన్న ఎంఎంఎస్ వస్తే చాలు, ఫోను దాన్ని తనంతట తానే దించుకుంటుంది కాబట్టి యజమాని తెరవకపోయినా ప్రమాదమే. ఆగస్టులోనే గూగుల్ నెక్సస్ ఫోన్లకు నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోను విడుదలైన నాటి నుంచి మూడేళ్లు, లేదా తన దుకాణంలో అమ్మకం ఆగిన నాటి నుంచి 18 నెలలు, ఏది ఎక్కువైతే అది. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ అప్‌డేట్’ పక్కన తేదీ కనిపించడం ఆ తర్వాతే మొదలైంది.

ఈ నెలవారీ పద్ధతికి మరో వైపు కూడా ఉంది. ఏ లోపాలను సరిచేశారో గూగుల్ బహిరంగంగా ప్రకటిస్తుంది, మార్చిన కోడ్ కూడా చాలావరకు అందరికీ దొరుకుతుంది. ప్యాచ్ అందిన ఫోనుకు అది మందు. అందని ఫోను విషయంలో, ఎక్కడ కన్నం వేయాలో దొంగకు చూపించే పటం. అందుకే ప్యాచ్‌లు ఆగిపోయిన ఫోను ఉన్నచోట ఉండదు, నెలనెలా ఇంకాస్త బలహీనపడుతుంది. ప్లే స్టోర్ ద్వారా యాప్‌లు, బ్రౌజర్ కొత్తవి అవుతూనే ఉంటాయి కనుక ఆ సంగతి పైకి తెలియదు. కెర్నెల్, చిప్పు డ్రైవర్లు, మోడెమ్‌లోని లోపాలు మాత్రం అలాగే మిగిలిపోతాయి.

సెట్టింగ్స్‌లో కనిపించే తేదీనైనా పూర్తిగా నమ్మగలమా అంటే, 2018లో బెర్లిన్‌లోని సెక్యూరిటీ రీసెర్చ్ ల్యాబ్స్ పరిశోధకులు ఫోన్లలోని ఫర్మ్‌వేర్‌ను విప్పి చూసి కాదన్నారు. కొన్ని కంపెనీల ఫోన్లలో తేదీ ముందుకు జరిగింది గానీ, ఆ తేదీకి ఉండాల్సిన ప్యాచ్‌లలో కొన్ని లేవు.

ఇక చిప్పు చిక్కు సంగతికొస్తే, 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ట్రెబుల్ మార్పు, చిప్పుకు సంబంధించిన భాగాన్ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి వేరు చేసింది. ఆపైనే పెద్ద మాటలు ఇవ్వడం కుదిరింది. 2022లో శామ్‌సంగ్ తన ముఖ్యమైన మోడళ్లకు అయిదేళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తానంది. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి గూగుల్ ఏడేళ్లు ప్రకటించింది, మూడు నెలలకే గెలాక్సీ ఎస్24 కూడా ఏడేళ్లంది. చౌక ఫోన్లకు ఈ ఉదారత అంతగా దిగిరాలేదు.

కొనేవాడు మోసపోయేది ఇక్కడే. ఈ ఏళ్లను సాధారణంగా మోడల్ విడుదలైన నాటి నుంచి లెక్కిస్తారు, మనం బిల్లు కట్టిన నాటి నుంచి కాదు. నాలుగేళ్ల ప్యాచ్‌లున్న ఫోను 24,000కు విడుదలైందనుకుందాం. మొదటి రోజే కొన్నవారికి ఏడాదికి 6,000 పడుతుంది. రెండున్నరేళ్ల తర్వాత అదే ఫోను పండగ సేల్‌లో 15,000కు వస్తుంది, 9,000 మిగిలిందని సంబరం. ప్యాచ్‌లకు మిగిలింది ఏడాదిన్నరే కాబట్టి అప్పుడు కొన్నవారికి ఏడాదికి పడేది 10,000. సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవారికీ ఇదే లెక్క: విడుదల తేదీ, ఇచ్చిన మాట, మిగిలిన నెలలు. ఇంకో మెలిక కూడా ఉంది. ‘నాలుగు వెర్షన్లు’ అన్నది ‘నాలుగేళ్ల ప్యాచ్‌లు’ అన్నదానితో సమానం కాదు. చివరి రోజుల్లో ప్యాచ్‌లు నెలకోసారి కాక మూడు నెలలకోసారి రావడమూ మామూలే.

మన దగ్గర పెట్టె మీద తయారైన నెల, ఎమ్మార్పీ అచ్చవుతాయి, ప్యాచ్‌లు ఆగే తేదీ వెతికినా కనపడదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి కనీసం ఎన్నాళ్లు ప్యాచ్‌లు ఇస్తారో చెప్పి తీరాలి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి లెక్క మొదలయ్యే చోటునే మార్చింది: మోడల్‌ను మార్కెట్‌కు పంపడం ఆపిన నాటి నుంచి అయిదేళ్లు. అయితే ఆ నిబంధనలోనే ‘అప్‌డేట్లు ఇచ్చేటట్లయితే’ అన్న మాట ఒకటి ఉంది. అసలు ఇవ్వనే ఇవ్వనన్న కంపెనీకి ఈ అయిదేళ్లు వర్తిస్తాయా లేదా అన్న వాదనకు అక్కడ తావు మిగిలింది.