ఒడిశా దగ్గర అల్పపీడనం, కామారెడ్డిలో వాన

2025 ఆగస్ట్ 27న కామారెడ్డి జిల్లా మునిగింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఎల్లారెడ్డి వైపు, నూరేళ్ళు దాటిన పోచారం ప్రాజెక్టు మీంచి నీళ్ళు పొర్లాయి. ఆ రోజు అల్పపీడనం ఎక్కడుంది? వాయవ్య బంగాళాఖాతంలో, ఒడిశా తీరానికి అవతల. కామారెడ్డి నుంచి పూరీకే సుమారు 800 కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్న అల్పపీడనానికీ ఈ వానకీ సంబంధం ఏమిటో తెలియాలంటే వాతావరణ పటం చదవడం రావాలి.

పటం మీద వంపులు తిరిగిన గీతలు ఐసోబార్లు, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని సమభార రేఖలు. ఒకే పీడనం ఉన్న చోట్లని కలుపుతూ గీస్తారు. కామారెడ్డి సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడి బారోమీటర్ ఎప్పుడూ 50 హెక్టోపాస్కల్స్ పైనే తక్కువ చూపిస్తుంది. దాన్ని అలాగే పటంలో పెడితే దక్కన్ పీఠభూమి మొత్తం శాశ్వత తుఫానులా కనబడుతుంది. అందుకే ప్రతి చోటి లెక్కనీ ముందు సముద్రమట్టానికి సరిచేసి, ఆ తర్వాత గీత గీస్తారు.

గాలి దిశకి సూత్రం 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తక్కువ పీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. గాలి దాదాపు గీతల వెంటే నడుస్తుంది. నేల రాపిడి వల్ల కొంచెం అల్పపీడనం వైపు మళ్ళుతుంది. గీతలు ఎంత దగ్గరగా ఉంటే గాలికి అంత వేగం.

ఇప్పుడు దీన్ని కామారెడ్డికి పెట్టి చూద్దాం. అల్పపీడనం తూర్పు-ఈశాన్యంలో ఉంది. రుతుపవన ద్రోణి ఉత్తరాన ఉంది. ఈ రెండూ ఎడమ చేతి వైపు రావాలంటే మనం ఆగ్నేయానికో తూర్పుకో తిరగాలి. అంటే గాలి వాయవ్యం నుంచో పడమర నుంచో వస్తోంది. చిక్కు ఇక్కడే ఉంది. అది బంగాళాఖాతం నుంచి నేరుగా వచ్చే గాలి కాదు. మరి వాన ఎలా పడింది?

బళ్ళో చదువుకున్న జవాబు 'ఫ్రంట్'. నీలం త్రికోణాల గీత వస్తే చల్లగాలి, ఎర్ర అర్ధచంద్రాల గీత వస్తే వెచ్చగాలి, రెండూ ఢీకొన్న చోట వాన. ఈ బొమ్మ మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టింది. యాకబ్ బ్యర్క్‌నెస్, ఆయన తండ్రి విల్‌హెల్మ్, వాళ్ళ తోటివాళ్ళు యుద్ధరంగం నుంచే ఆ మాట తెచ్చుకున్నారు. ధ్రువాల చలి, దక్షిణపు వెచ్చదనం తలపడే చోట అది సరిగ్గా కుదురుతుంది. ఆగస్టులో కామారెడ్డికీ బంగాళాఖాతానికీ మధ్య అలాంటి ఉష్ణోగ్రత తేడా ఉండదు. అందుకే మన వర్షాకాలపు పటంలో తెలంగాణ మీద ఫ్రంట్ వెతికితే దొరకదు.

మన పటంలో చూడాల్సింది అల్పపీడనానికి నైరుతి భాగం. అరేబియా సముద్రం నుంచి తేమ మోసుకొచ్చే పడమటి గాలులు, అల్పపీడనాన్ని ఉత్తరంగా చుట్టి వచ్చే బంగాళాఖాతపు గాలులు అక్కడే ఒరుసుకుని పైకి లేస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. వాతావరణ శాఖ బులెటిన్లలో తరచూ 'ఎత్తుకు వెళ్ళేకొద్దీ నైరుతి వైపు వంగిన ఉపరితల ఆవర్తనం' అనే అర్థం వచ్చే మాట కనబడుతుంది. సుడి నిటారు స్తంభంలా ఉండదు. కింద కేంద్రం ఒడిశా దగ్గర ఉంటే, అయిదారు కిలోమీటర్ల ఎత్తులో అది మన వైపు ఒరిగి ఉంటుంది. కింది పటం ఒక్కటే చూసి 'చాలా దూరంలో ఉందిలే' అనుకునేవాడు మోసపోయేది ఇక్కడే. పై పటం కూడా పక్కన పెట్టుకోవాలి.

మన దేశంలో వీటిని పద్ధతిగా చదవడం మొదలవడానికి వెనక చావులున్నాయి. 1864 అక్టోబర్ 5న కలకత్తాని, నెల తిరక్కుండానే నవంబర్ 1న మచిలీపట్నాన్ని తుఫానులు ముంచేశాయి. ఒక్క మచిలీపట్నం ప్రాంతంలోనే దాదాపు 30 వేల మంది పోయారు. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అధిపతిగా భారత వాతావరణ శాఖ ఏర్పడటానికి ఆ విపత్తులు ఒక కారణం.

ఇంత చదివినా పటం చెప్పలేనిది ఒకటుంది. మన పటాల్లో ఐసోబార్లని మామూలుగా రెండేసి హెక్టోపాస్కల్స్ తేడాతో గీస్తారు. రెండు గీతల మధ్య దూరం ఒక్కోసారి వందల కిలోమీటర్లు. కుండపోత కురిపించే మేఘాల గుంపు వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లే. ఉత్తర తెలంగాణకి భారీ వాన ముప్పుందని పటం చెప్పగలదు. అర్గొండ పేరు చెప్పలేదు. ఒకే ఊరి మీద మేఘం వెంట మేఘం వస్తోందని పట్టుకునేది రాడార్. అదీ వాన మొదలవబోయే ముందు కొద్ది గంటల్లోనే.

అందుకే పటంలో కేంద్రం ఎంత దూరంలో ఉందో కొలిచి ఊరుకోకూడదు. మన ఊరు దానికి ఏ వైపు ఉందో చూడాలి. నైరుతిలో ఉంటే చెరువు కట్ట ఎలా ఉందో ముందు రోజే చూసి రావాలి.