గాలి తగ్గిన టైరుపై దూరం నడిపారా? పంక్చర్ వేయించి వదిలేయకండి

కారు టైరులో మేకు దిగితే చాలామంది చేసే పని ఒకటే. దగ్గర్లోని పంక్చర్ షాపులో మేకు పీకించి, స్ట్రిప్ పెట్టించి, గాలి కొట్టించుకుని బయల్దేరతారు. ట్యూబ్‌లెస్ టైరుకు స్ట్రిప్ బయటి నుంచే వేస్తారు కాబట్టి టైరును రిమ్ము నుంచి దించరు. గాలి తగ్గగానే బండి ఆపి ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఆ టైరు మీద కొన్ని కిలోమీటర్లు నడిపి ఉంటే, అసలు దెబ్బ మేకు దిగిన చోట కాదు, సైడ్‌వాల్ లోపల తగిలి ఉండొచ్చు.

సైడ్‌వాల్ అంటే టైరు పక్క భాగం. రోడ్డును తాకే భాగం కింద ఉక్కు తీగల పొరలు ఉంటాయి. సైడ్‌వాల్‌లో మాత్రం పలుచని రబ్బరు, దాని మధ్య దారాలు, లోపలి వైపున గాలి బయటికి పోకుండా ఆపే పొర ఉంటాయి. కార్ల టైర్లలో ఈ దారాలు ఎక్కువగా పాలిస్టర్‌వి. బండి బరువును నిజంగా మోసేది టైరులోని గాలి. అది తగ్గితే చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ బాగా మడతపడి మళ్లీ లేస్తుంది. దాంతో వేడి పుడుతుంది. దారాలు బలం కోల్పోయి, రబ్బరు నుంచి విడిపోతాయి. లోపలి పొర మడతపడి తనకు తానే రాసుకుని పొడిగా రాలుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఐదుగురున్న కుటుంబం కర్నూలు నుంచి హైదరాబాద్‌కు పెళ్లికి వెళ్తోంది, డిక్కీ నిండా సామాను. వెనుక టైరులో 33 పీఎస్ఐ ఉండాలి. జడ్చర్ల దగ్గర బండి ఒక పక్కకు లాగుతోందని ఆపి చూస్తే టైరు వేడిగా ఉంది, గేజ్ 9 చూపిస్తోంది. వేడి టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి చల్లారితే అది ఇంకా తక్కువే ఉంటుంది. అప్పటికే 70 కిలోమీటర్ల వేగంతో 12 కిలోమీటర్లు వచ్చారు. మేకు మాత్రం టైరు మధ్యలో ఉంది, స్ట్రిప్‌కు అనువైన చోటే. ఇక్కడ అడగాల్సింది “స్ట్రిప్ వేస్తావా?” అని కాదు. “అన్నా, టైరు రిమ్ము నుంచి దించి లోపల చూపించు” అని.

దించాక టార్చి వేసి మూడు గుర్తులు వెతకాలి. మొదటిది, టైరు అడుగున నల్లని రబ్బరు పొడి లేదా నలుసులు. రెండోది, సైడ్‌వాల్ లోపల చుట్టూ గుండ్రంగా సాగే గరుకు పట్టీ, రంగు మారడం, ముడతలు. మూడోది, వేలితో నొక్కుతూ చుట్టూ తిప్పితే ఒకచోట మెత్తగా లేదా వదులుగా తగలడం. దారాలు బయటపడినా, లోపలి పొర లేచినా ఇక చూడాల్సింది లేదు. బయటి వైపు కూడా సైడ్‌వాల్ చుట్టూ రాపిడి గీత కనిపించొచ్చు. ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా ఆ టైరు పనికిరాదు. సైడ్‌వాల్‌కు రిపేరు లేదు.

పైన చెప్పిన కారు టైరులో పిడికెడు నల్ల పొడి రాలితే లెక్క తేలినట్టే. స్టెప్నీ బిగించుకుని, ఆ టైరును పక్కన పెట్టాలి. దాన్నే స్టెప్నీగా ఉంచుకుంటే ప్రమాదాన్ని వాయిదా వేసుకున్నట్టే అవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఆ ప్రమాదం ఇంకో ఇంటికి పోతుంది. సైడ్‌వాల్ కోయించి పారేయడం మేలు.

ఒక్క పొడి నలుసు కూడా లేకపోతే? అప్పుడు కూడా టైరు బాగుందని పూర్తి భరోసా ఇవ్వలేం, ఎందుకంటే దారాలు రబ్బరు మధ్యలో ఉంటాయి, కంటికి కనపడవు. కాబట్టి ఎంత దూరం, ఎంత వేగం, ఎంత బరువు, ఎంత వేడి అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఖాళీ బండిని రోడ్డు పక్కకు తేవడానికి మెల్లగా వంద, రెండు వందల మీటర్లు నడపడం వేరు. నిండు బండిని హైవే వేగంతో కిలోమీటర్ల కొద్దీ నడపడం వేరు. రెండో రకమైతే, లోపల శుభ్రంగా కనిపించినా మార్చేయడమే క్షేమం.

అనుమానం ఉన్న టైరుకు గాలి కొట్టేటప్పుడు సైడ్‌వాల్‌కు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని దూరంగా ఉంచాలి. టపటపమని చప్పుడు వచ్చినా, పక్కన ఉబ్బినా వెంటనే ఆపాలి. లారీ టైర్లకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. వాటి సైడ్‌వాల్‌లో ఉక్కు తీగలుంటాయి. అవి లోపల తెగి ఉంటే గాలి నిండుతుండగా జిప్పు తెరిచినట్టు వరుసగా తెగిపోయి టైరు పేలుతుంది. అందుకే అలాంటి టైరుకు ఇనుప బోనులో పెట్టి గాలి కొట్టాలి.