చెరిపేసిన మాటకు సాక్ష్యం: సామాజిక మాధ్యమ పోస్టుల స్వయంచాలిత భద్రత

సెబీ దగ్గర నమోదైన పరిశోధన విశ్లేషకులు తమ రికార్డులను కనీసం 5 ఏళ్లు దాచాలని 2014 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వారిచ్చే సలహాలు ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో పోస్టులుగా, కింద అడిగిన ప్రశ్నలకు జవాబులుగా కూడా వెలువడుతున్నాయి. వేదికే అవన్నీ దాస్తుందిలే అనుకోవడానికి లేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం కోర్టు ఆదేశంతోనో ఫిర్యాదుతోనో తొలగించిన సమాచారాన్ని వేదిక 180 రోజులు భద్రపరచాలి. రాసినవారే చెరిపేసుకున్న పోస్టు సంగతి ఆ నియమంలో లేదు. కాబట్టి భారం ప్రచురించినవారిదే. దాన్ని చాలా సంస్థలు రోజుకొకసారి పేజీని నకలు తీసి పెట్టుకోవడంతో సరిపెడతాయి. ఆ నకలు పేజీ ఒక క్షణంలో ఎలా ఉందో చూపుతుందే తప్ప, ఏం జరిగిందో చెప్పదు. రికార్డు అనిపించుకోవాలంటే ప్రతి మార్పూ జరిగిన వరుసలో నమోదు కావాలన్నది ఈ వ్యాసం వాదన.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఉదయం 10 గంటలకు విశ్లేషకుడు ఒక షేరు లక్ష్యం 450 రూపాయలని రాశాడు. 10:12కి ఒక మదుపరి స్టాప్‌లాస్ ఎంత పెట్టుకోవాలని అడిగాడు. 10:15కి జవాబు వచ్చింది. 10:40కి 450ని 420గా దిద్దారు. 11:05కి మదుపరి తన ప్రశ్న తీసేశాడు. రాత్రి 2 గంటలకు తీసిన నకలులో 420 ఉంటుంది, ప్రశ్న లేని జవాబు ఒంటరిగా వేలాడుతుంది. రెండేళ్ల తర్వాత 450 నమ్మి కొన్నానని ఫిర్యాదు వస్తే ఆ నకలు ఎవరికీ ఉపయోగపడదు. సరైన పద్ధతి వేరు. మార్పు జరిగిన వెంటనే వేదిక పంపే సూచనను, అంటే వెబ్‌హుక్‌ను, అందుకొని ఆ రూపాన్ని కొత్త ప్రతిగా చేర్చాలి, పాత ప్రతిని ముట్టుకోకూడదు. తొలగింపును కూడా ఒక సంఘటనగా, సమయంతో సహా రాయాలి. సూచన వచ్చే వేళకు మన సర్వర్ ఆగి ఉంటే అది తప్పిపోవచ్చు. అందుకే గంటకోసారి వేదికలోని జాబితాను మన జాబితాతో సరిచూడాలి. సర్వర్ ఆగి ఉండగా రెండు సరిచూపుల మధ్యే పుట్టి పోయిన వ్యాఖ్య మాత్రం అప్పటికీ దొరకదు. ఆ పరిమితిని, సర్వర్ ఆగిన వ్యవధిని రికార్డులోనే రాసిపెట్టడం నిజాయితీ.

ఏ రూపంలో దాచాలన్నది తర్వాతి ప్రశ్న. స్క్రీన్‌షాట్ కంటికి బాగుంటుంది, కానీ దాన్ని దిద్దడం తేలిక. పైగా దిద్దుబాటు సమయం, పోస్టు గుర్తింపు సంఖ్య అందులో కనిపించవు. వేదిక పంపిన ముడి దత్తాంశాన్ని అక్షరం మార్చకుండా దాచి, దానికి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ కట్టాలి.

```
sha256sum post.json
```

తెలుగు రాతలో ఇక్కడొక చిక్కుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. చూపుకు రెండూ ఒకటే, హ్యాష్‌లు మాత్రం వేరు. శుభ్రం చేద్దామని మధ్యలో ఏ ప్రోగ్రాము అక్షరాలను ఏకరూపం చేసినా, అసలు ప్రతి మారిపోయినట్టే లెక్క. మరో ప్రమాదం ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది. హ్యాష్ `e3b0c44298fc1c14` అని మొదలైతే ఆ ఫైలు ఖాళీది. అంటే సేకరణ విఫలమైంది, శూన్యానికి ముద్ర పడింది. రోజూ ఈ ఒక్కటి వెతికినా ఎన్నో నష్టాలు ముందే బయటపడతాయి.

చట్టమూ ఇదే దారిలో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ కూడా రాయాలి. అయితే ఫైలు సేకరించాక మారలేదని మాత్రమే హ్యాష్ చెప్పగలదు. సేకరించినదే తప్పైతే దానికి తెలియదు. ఫైళ్లు, హ్యాష్‌ల జాబితా ఒకే ఉద్యోగి చేతిలో ఉంటే రెండింటినీ కలిపి మార్చవచ్చు. జాబితా మరో విభాగం దగ్గర ఉండాలి.

మదుపరి తీసేసుకున్న ప్రశ్నను మనం దాచడం అతని గోప్యతకు భంగం కాదా? ఈ ఆక్షేపణ బలమైనదే. 2023 డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం, మనిషి తానుగా బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. ఇతర చట్టాల ప్రకారం దాచాల్సినదాన్ని చెరపనక్కర్లేదనీ అంది. కానీ ఒకరి ఫోన్ నంబరును మరొకరు వ్యాఖ్యలో పెడితే మొదటి మినహాయింపు వర్తించదు. అందుకే వ్యాఖ్యలను అందరూ వెతికే వీలుండకూడదు. ఫిర్యాదు సంఖ్య లేనిదే తెరవకూడదు, తెరిచినవారి పేరు నమోదవ్వాలి. గడువు ముగిసి, ఫిర్యాదు పెండింగులో లేకపోతే, చేర్చినంత స్వయంచాలితంగానే వాటిని చెరిపేయాలి. చెరిపే ఏర్పాటు లేని భద్రతను ఆమోదించకూడదు.