పులితేన్పులకు కారణం: ఉదరవితానంలో ఒక సందు, దానిపై జరిగిన వాదం

కడుపునిండా భోజనం చేసి, వెంటనే నేలమీద పడిన కాగితం తీయడానికి వంగినపుడు కొందరికి నోటిలోకి పుల్లని నీరు ఎగదన్నుతుంది. దానితో పాటు రొమ్ము ఎముక వెనుక మంటగానో, పట్టివేసినట్లుగానో బాధ కలుగుతుంది. మొదటిదానిని మనవారు పులితేన్పు అంటారు, రెండవదానిని గుండెమంట అంటారు. ఈ రెండూ తరచుగా వచ్చేవారిలో కొందరికి హయేటస్ హెర్నియా ఉన్నట్లు వైద్యులు చెబుతారు. హయేటస్ అంటే లాటిన్ భాషలో సందు. ఆ సందు గుండా జీర్ణాశయపు పైభాగం కొంత ఛాతీలోకి జారటమే ఈ వ్యాధి. అయితే జీర్ణాశయం రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరిగినంత మాత్రాన పుల్లని నీరు నోటికి ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం దొరకటానికి చాలా కాలం పట్టింది. మధ్యలో ఒకసారి సమాధానం పూర్తిగా తలక్రిందులయింది కూడా.

ముందు ఆ సందు ఎక్కడ ఉన్నదో చూద్దాం. ఛాతీకి, ఉదరానికి మధ్య గొడుగువలె ఉండే కండరం ఉదరవితానం. దీనినే డయాఫ్రమ్ అంటారు. మనం ఊపిరి పీల్చినప్పుడల్లా అది క్రిందికి దిగుతుంది. గొంతునుండి జీర్ణాశయానికి పోయే అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది ఈ గొడుగులో ఉన్న ఒక రంధ్రం గుండా ఉదరంలోకి దిగుతుంది. ఆ రంధ్రానికి ఇరుప్రక్కల కండరపు పట్టీలు ఉచ్చువలె చుట్టుకొని ఉంటాయి. అన్నవాహిక అటూ ఇటూ జారిపోకుండా సాగే గుణం గల ఒక పొర దానిని ఉదరవితానానికి కట్టి ఉంచుతుంది. మ్రింగిన ప్రతిసారీ అన్నవాహిక కొంచెం పొట్టిదై పైకి లాగుకుంటుంది, ఈ పొర దానిని తిరిగి యథాస్థానానికి తెస్తుంది. ఏళ్ళు గడిచినకొద్దీ ఈ పొర సాగుడు తగ్గి వదులవుతుంది, రంధ్రం వెడల్పవుతుంది. అందుచేతనే ఈ హెర్నియా వయస్సు మీరినవారిలో ఎక్కువ.

ఆ నీరు పుల్లగా ఎందుకు ఉంటుందన్నది తేలికగానే తేలింది. 1823 డిసెంబరులో విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు, జంతువుల జీర్ణాశయ రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. మన ప్రయోగశాలలో అంశమాపనానికి వాడుకొనే ఆమ్లమే మన కడుపులోనూ ఊరుతున్నదన్నమాట! జీర్ణాశయపు గోడకు దీనినుండి కాపాడే జిగురు పొర ఉన్నది. అన్నవాహికకు అటువంటి రక్షణ చాలా తక్కువ. 1935లో న్యూయార్కు వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్, అన్నవాహిక పుండ్లు పడి వాచిన కొందరు రోగులను వర్ణించి, జీర్ణరసమే దీనికి కారణమై ఉండవచ్చునని వ్రాశాడు.

హెర్నియా సంగతి మరొక దారిన బయటపడింది. ఎక్స్‌కిరణాలు 1895లో కనుగొనబడిన తరువాతనే బ్రతికి ఉన్న మనిషిలో దానిని చూడటం సులువయింది. 1926లో స్వీడన్‌కు చెందిన ఓకే ఓకెర్లుండ్ ఈ హెర్నియాలను మూడు తెగలుగా విభజించాడు. అన్నిటికంటె ఎక్కువగా కనబడేది జారుడు తెగ. ఇందులో అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోటే పైకి జారుతుంది.

ఈ రెండు దారులనూ కలిపినవాడు ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఫిలిప్ ఆలిసన్. 1951లో ఆయన ప్రకటించిన వ్యాసం ప్రకారం, ఉదరవితానపు పట్టీలు మామూలుగా అన్నవాహికను నొక్కిపట్టి ఉంచుతాయి. జీర్ణాశయం పైకి జారితే ఆ పట్టు తప్పుతుంది, ఆమ్లం పైకి పొర్లుతుంది. కాబట్టి జారిన భాగాన్ని క్రిందికి దించి, రంధ్రాన్ని కుట్టి బిగిస్తే చాలునని ఆయన భావించాడు. తర్కం చక్కగా ఉన్నది. ఆ శస్త్రచికిత్స ప్రచారంలోకి వచ్చింది.

ఛాతీలో బాధ నిజంగా ఆమ్లం వల్లనే వస్తున్నదా అన్న అనుమానాన్ని 1958లో బెర్న్‌స్టైన్, బేకర్ అనే ఇద్దరు తీర్చారు. వారి పరీక్ష ఎంత సులభమో చూడండి. రోగి ముక్కులోనుండి సన్నని గొట్టం అన్నవాహికలోకి దించి, మొదట ఉప్పునీటిని బొట్లు బొట్లుగా పోనిచ్చారు. తరువాత రోగికి తెలియకుండా దాని బదులు దశాంశ నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పోనిచ్చారు. ఉప్పునీటికి ఏమీ అనని రోగి, ఆమ్లం మొదలైన కొంతసేపటికి తనకు అలవాటైన బాధే వస్తున్నదని చెబితే, ఆ బాధ పుట్టినచోటు అన్నవాహికే. దశాంశ నార్మల్ ఆమ్లపు పీహెచ్ 1 అని మన విద్యార్థులకు తెలుసు. ఈ పరీక్ష నేడు దాదాపుగా వాడుకలో లేదు. సన్నని గొట్టం చివరనున్న సాధనంతో అన్నవాహికలోని పీహెచ్‌ను 24 గంటలపాటు నమోదు చేసి, అది 4 కంటె తక్కువగా ఎంతసేపు ఉన్నదో లెక్కిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుండెనుండి, అన్నవాహికనుండి బాధను తెలిపే నాడులు వెన్నుపాములో దాదాపు ఒకే భాగాలను చేరుతాయి. అందుచేత బాధ ఎక్కడిదో మెదడు తేల్చుకోలేదు. నడిచినపుడు వచ్చే నొప్పి, చెమటతో కూడిన నొప్పి, చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి వస్తే పులితేన్పులని సరిపెట్టుకోరాదు. ముందు గుండెను పరీక్ష చేయించుకోవాలి.

ఆలిసన్ సిద్ధాంతానికి ఇంతలో ఎదురుదెబ్బలు తగిలాయి. 1956లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఫైక్, కోడ్, ష్లెగెల్ అనేవారు పీడనాన్ని కొలిచే గొట్టాలను అన్నవాహికలో మెల్లగా లాగుతూ, దాని దిగువ కొనలో పీడనం హెచ్చుగా ఉన్న చిన్న మేరను కనుగొన్నారు. కోసి చూచినపుడు కంటికి స్పష్టంగా కనబడని సంవరణి కండరం అక్కడ ఉన్నదన్నమాట. సంచి మూతిని బిగించే త్రాడువలె అది ఎప్పుడూ ముడుచుకొని ఉంటుంది, మ్రింగినపుడు మాత్రం సడలుతుంది. 1971లో కోహెన్, హారిస్ అనేవారు హెర్నియా ఉన్నవారిలో, లేనివారిలో ఈ పీడనాన్ని కొలిచి, పొర్లటం సంవరణి బలాన్ని బట్టి ఉంటుంది గాని హెర్నియాను బట్టి కాదని తేల్చారు. ఎక్స్‌కిరణాలలో హెర్నియా కనబడినా ఏ బాధా లేనివారు ఎందరో ఉండటం ఈ మాటకు బలమిచ్చింది. 1973లో ఆలిసన్ తన రోగుల 20 ఏళ్ళ చరిత్రను తానే ప్రకటించాడు. దాదాపు సగంమందిలో వ్యాధి తిరగబెట్టింది. తన చికిత్స వైఫల్యాన్ని ఇంత దాపరికం లేకుండా చెప్పటం అరుదు. హెర్నియా నిర్దోషి అని చాలామంది నమ్మసాగారు.

కాని లెక్క ఒకటి మిగిలిపోయింది. సంవరణి పీడనం మామూలుగా 10 నుండి 30 మిల్లీమీటర్ల పాదరసం. జీర్ణాశయంలో పీడనం వాతావరణం కంటె 5 మిల్లీమీటర్లు ఎక్కువ, ఛాతీలో 5 తక్కువ అనుకొందాం. అంటే ద్రవాన్ని పైకి నెట్టే తేడా 10. కదలకుండా కూర్చున్నవానికి సంవరణి ఒక్కటే చాలు. అతడు దగ్గినా, బరువు ఎత్తినా ఉదరంలోని పీడనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. సంవరణి ఒంటరిగా దానిని ఆపలేదు. మరి ఆరోగ్యవంతులకు ఆమ్లం ఎందుకు పొర్లటం లేదు?

1980 దశాబ్దంలో జవాబు దొరికింది. ఊపిరి పీల్చినపుడు, పొట్ట బిగించినపుడు ఉదరవితానపు పట్టీలు కూడా అదే క్షణాన బిగుస్తాయి. లోతుగా ఊపిరి పీల్చినపుడు అవి చేర్చే పీడనం సంవరణి స్వంత పీడనాన్ని మించిపోతుంది. వ్యాధివల్ల సంవరణిని కోసి తీసివేసిన రోగులలో సైతం ఉదరవితానపు రంధ్రం వద్ద పీడనపు మేర ఉన్నట్లు 1993లో చూపబడింది. అంటే తలుపుకు గడియలు రెండు. మామూలుగా అవి ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. హెర్నియాలో లోపలి గడియ, అంటే సంవరణి, పైకి జరిగి ఛాతీలో చేరుతుంది. బయటి గడియ క్రిందనే ఉండిపోతుంది, పైగా రంధ్రం వెడల్పై అది వదులవుతుంది. ఆలిసన్ చెప్పినదీ, కోహెన్ చెప్పినదీ చెరి సగం నిజం.

ఇక మొదట చెప్పిన మనిషి వద్దకు వద్దాం. అతని సంవరణి రంధ్రానికి 3 సెంటీమీటర్ల పైన ఉన్నదనుకొందాం. ఆ రెంటి నడుమ జీర్ణాశయపు ముక్క ఒక చిన్న సంచివలె ఉంటుంది. భోజనం తరువాత ఆహారంపై తేలే ఆమ్లం అందులో చేరుతుంది. అతడు వంగగానే ఉదరపు పీడనం ఆ సంచిలోని ద్రవాన్ని పైకి నెడుతుంది. బయటి గడియ బిగిసినా అది సంచికి క్రింద ఉన్నది. సంచిలో చిక్కిన ఆమ్లానికి సంవరణి ఒక్కటే అడ్డు.

దీనికంటె ఆశ్చర్యకరమైన విషయాన్ని మిట్టల్, లాంగ్, మెక్‌కల్లమ్ అనేవారు 1987లో వెల్లడించారు. ఆమ్లం పైకి వచ్చినపుడు మనం అప్రయత్నంగా ఉమ్మి మ్రింగుతాం. మ్రింగుడు అల దానిని క్రిందికి ఊడ్చివేయాలి. కాని మ్రింగగానే సంవరణి సడలుతుంది గదా! సంచిలో కాచుకొని ఉన్న ఆమ్లం, అల వచ్చి చేరేలోపలే, తెరచిన దారిన తిరిగి పైకి ఎగబ్రాకుతుంది. శుభ్రం చేయవలసిన పనే మళ్ళీ మురికి చేస్తున్నదన్నమాట. కొందరిలో మంట గంటలకొద్దీ విడవకపోవటానికి ఇది ఒక కారణం.

అన్ని హెర్నియాలూ ఇలా బాధించవు. సంవరణి బలంగా ఉన్న మనిషిలో చిన్న సంచి ఉన్నా తెలియకపోవచ్చును. హెర్నియా లేనివారికి కూడా, మ్రింగకుండానే సంవరణి పది సెకండ్లకు పైగా సడలి తేన్పు రావటం సహజం. ఆ తేన్పుతో పాటు కొంత ఆమ్లం కూడా రావచ్చును. గడియలు వేరయినవారిలో ఆ వచ్చేది ఎక్కువ, ఉండేది ఎక్కువసేపు.

మందుల విషయంలో కూడా ఈ వివరణ ఉపయోగపడుతుంది. ఒమెప్రజోల్ వంటివి జీర్ణాశయంలో ఆమ్లం ఊరటాన్ని తగ్గిస్తాయి, కాబట్టి మంట తగ్గుతుంది. అవి గడియలను బిగించలేవు. ఆ మందులు వాడుతున్న రోగి పుల్లదనం పోయినా వంగినప్పుడు నీరు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నదంటే, మందు పనిచేయలేదని అర్థం కాదు. మంచానికి తలవైపు కోళ్ళ క్రింద చెక్క దిమ్మెలు పెట్టి ఓ జానెడు ఎత్తు లేపి, రాత్రి భోజనానికి, పడకకు మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచమని వైద్యులు చెప్పేది ఆ నీటి కోసమే.