పసిపిల్లలు గుర్తు తెలియని మాత్రలు మింగడం

ఏడాది దాటి నాలుగేళ్లు నిండని పిల్లలు ఇంట్లో దొరికిన మాత్రలు నోట్లో వేసుకున్నప్పుడు, ఏం మింగారో ఎన్ని మింగారో చెప్పగలిగేవారు చాలాసార్లు ఉండరు. తెలుగునాట మందుల షాపులో స్ట్రిప్పును కత్తిరించి అడిగినన్ని మాత్రలే ఇస్తారు. పేరు అచ్చైన ముక్క తరచు షాపులోనే ఉండిపోతుంది. పైగా పెద్దవాళ్లు రోజూ వాడే రెండు మూడు రకాల మాత్రలు ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. రంగు, ఆకారం చూసి మందును గుర్తుపట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. తెల్లని చిన్న గుండ్రటి మాత్రలు వందల రకాలున్నాయి.

ముందుగా బిడ్డ తీరు చూడాలి. స్పృహ లేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతూ స్పృహ లేని బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పోయకూడదు. బిడ్డ మెలకువగా ఉంటే నోట్లో కనిపిస్తున్న ముక్కలను మాత్రమే తీసివేయాలి. కనపడని దానికోసం వేలు పెట్టి వెతికితే అది గొంతులోకి జారవచ్చు.

వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. సబ్బునీళ్లు, వాంతి పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒకప్పుడు అమెరికాలో వాంతి కోసం ఇపెకాక్ సిరప్పును ఇళ్లలో ఉంచుకోమనేవారు. 2003లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం ఆ సలహాను వెనక్కి తీసుకుంది. పాలు విషాన్ని విరుస్తాయనే నమ్మకానికీ మాత్రల విషయంలో ఆధారం లేదు.

బిడ్డ హుషారుగా ఉన్నా లక్షణాల కోసం ఎదురుచూడకుండా సలహా తీసుకోవాలి. భారతదేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది. ఫోన్ కలవకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చోక ఆసుపత్రికి బయలుదేరాలి.

ఇలాంటి కేంద్రాల్లో మొదట అడిగేది మందు పేరు కాదు, బిడ్డ ఇప్పుడెలా ఉన్నాడని. తర్వాత వయసు, బరువు. మోతాదును కిలోకి ఇంత అని లెక్కిస్తారు కాబట్టి బరువు తెలియకపోతే ప్రమాదాన్ని సరిగా అంచనా వేయలేరు. స్ట్రిప్పు మీది పేరుతో పాటు ఎన్ని మిల్లీగ్రాములు, నిదానంగా విడుదలయ్యే రకమా అన్నదీ చదివి చెప్పమంటారు. పేరు తెలియనప్పుడు ఇంట్లో ఎవరెవరు ఏ జబ్బుకు మందులు వాడుతున్నారో, మొన్న వచ్చి వెళ్లిన చుట్టాలతో సహా, అడుగుతారు. ఎప్పుడు మింగి ఉండవచ్చు, వాంతి అయిందా, ఇప్పటికే ఏమైనా తాగించారా, ఆసుపత్రి ఎంత దూరం అన్నవి మిగతా ప్రశ్నలు.

ఎన్ని మింగాడన్నది తీసివేతతో తేలుతుంది. ఉదాహరణకు 12 కిలోల రెండేళ్ల బిడ్డ చేతిలో నాయనమ్మ మందుల డబ్బా కనిపించిందనుకుందాం. అందులో షుగరుకు గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్, రెండూ తెల్లగా ఒకేలా ఉన్నాయి. రకానికి పదేసి కొన్నారు, ఆమె నాలుగు రోజులుగా రోజుకు ఒక్కొక్కటి వేసుకుంది. డబ్బాలో పన్నెండు ఉండాలి, పది ఉన్నాయి. మంచం కింద సగం కరిగిన ముక్క ఒకటి దొరికినా లోటు రెండనే లెక్కించాలి, కొంత లోపలికి పోయే ఉంటుంది. రెండూ గ్లిమెపిరైడ్ కావచ్చు, రెండూ ఆమ్లోడిపిన్ కావచ్చు, ఒక్కొక్కటి కావచ్చు. వైద్యులు అన్ని అవకాశాలకూ సిద్ధమవుతారు. ఆ సమయంలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటుంటే, ఇద్దరూ చెరి రెండు మింగినట్టే చూస్తారు.

ఈ బిడ్డను ఆడుకుంటున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. గ్లిమెపిరైడ్ ఒక్క మాత్ర చాలు, పసిబిడ్డ రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. ఆ పడిపోవడం కొన్ని గంటలు ఆలస్యంగా, ముఖ్యంగా రాత్రి ఆహారం లేని వేళ రావచ్చు. చెమట, వణుకు, చిరాకు, మగత దాని గుర్తులు. నిద్రలో ఉన్న బిడ్డలో ఇవి కనపడకపోవచ్చు. దారిలో ఏమైనా తినిపించాలా అన్నది ఫోన్‌లోని నిపుణులను అడగాలి. ఏం తినిపించినా ఆసుపత్రి పరిశీలన తప్పదు. డబ్బా, ఖాళీ స్ట్రిప్పులు, నాయనమ్మ మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి.

ఆసుపత్రిలో యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇవ్వవచ్చు. మింగిన గంటలోపు అది బాగా పనిచేస్తుంది. బిడ్డ మగతగా ఉంటే ఇవ్వడం ప్రమాదం. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రల వంటివాటిని అది పట్టుకోలేదు. ఇంట్లో పారాసెటమాల్ కూడా ఉంటే, మింగిన నాలుగు గంటల తర్వాత తీసిన రక్తంలో దాని స్థాయి చూస్తారు. అంతకుముందు తీసిన నమూనా తక్కువ చూపి మోసం చేయవచ్చు. ఈ బిడ్డకు మాత్రం వేలి చివర నుంచి రక్తం తీసి మాటిమాటికి చక్కెర చూస్తూ, బీపీ, నాడి కొలుస్తూ రాత్రంతా ఉంచుతారు. చక్కెర పడిపోతే గ్లూకోజు ఎక్కిస్తారు, మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. గ్లూకోజు ఆపిన తర్వాత కూడా చక్కెర గంటల తరబడి నిలకడగా ఉంటేనే ఇంటికి పంపుతారు.