బట్టల మెత్తదనం నుంచి జడ దాకా

1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఎడ్వార్డ్ పినో అనే అత్తరు సంస్థ మగవాళ్ల గడ్డం మీసాలకోసం 'బ్రిలియంటీన్' అనే నూనెను పరిచయం చేసిందని చెబుతారు. కండిషనర్ కథను చాలామంది అక్కడే మొదలుపెడతారు. నన్నడిగితే అది కేవలం పైపూత. కండిషనర్ అవసరం అసలు పుట్టింది 1930ల్లో, డ్రీన్ లాంటి షాంపూలు వచ్చాక. అవి సబ్బులా తెల్లటి మడ్డిని వదలకుండా మురికిని శుభ్రంగా లాగేసేవి. దాంతోపాటు జుట్టుకున్న సహజమైన జిడ్డూ పోయేది. ఫలితం, ఎండుగడ్డిలాంటి జుట్టు, విడిపోని చిక్కులు.

పరిష్కారం బట్టలను మెత్తబరిచే రసాయనాల దగ్గర దొరికింది. ఉతికాక గుడ్డను మెత్తగా ఉంచే స్టియరాల్కోనియం క్లోరైడ్ వంటివి 'క్రీమ్ రిన్స్' పేరుతో తలకు ఎక్కాయి. తడి జుట్టు మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఈ పదార్థాల అణువుకు ఒక కొస ధనావేశం, మరో కొస కొవ్వులాంటి పొడవైన తోక. ధన కొస జుట్టుకు అతుక్కుంటుంది, తోక బయటికి నిలిచి వెంట్రుకకు వెంట్రుక రాసుకోకుండా జారేలా చేస్తుంది. రంగులు, బ్లీచ్, ఎండ దెబ్బ తిన్నచోట రుణావేశం ఎక్కువ కాబట్టి పూత కూడా అక్కడే బాగా పడుతుంది. చిట్లిన కొసను మాత్రం ఇది అతికించలేదు, దానికి కత్తెరే గతి.

ఎక్కడ రాయాలో జుట్టు ఎక్కడ దెబ్బ తిందో దాన్నిబట్టే తేలిపోతుంది. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అరవై సెంటీమీటర్ల జడ ఉన్నవాళ్ల కొసల వయసు అయిదేళ్లు, కుదుళ్ల దగ్గరిది నిన్నమొన్నటిది. కుదుళ్లకు మాడు నుంచి నూనె అందుతూనే ఉంటుంది. అందుకని షాంపూ కడిగేశాక నీళ్లు కారకుండా జుట్టును పిండి, చెవుల కింది నుంచి కొసల దాకా రాయాలి. నీళ్లోడుతుంటే కండిషనర్ పలచబడి జారిపోతుంది. మాడుకు పట్టిస్తే సాయంత్రానికే జుట్టు నెత్తికి అంటుకుపోయి జిడ్డోడుతుంది.

అతుక్కోవడం త్వరగానే జరుగుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు, ఆలోపు వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసుకోవచ్చు. అరగంట ఉంచితే మామూలు కండిషనర్‌తో అదనంగా ఒరిగేది పెద్దగా లేదు.

కడగకుండా వదిలేసే లీవ్-ఇన్ రకాల్లో ఇవే పదార్థాలు పలచగా ఉంటాయి. ఉంగరాల జుట్టుకీ, బ్లీచ్ చేసిన జుట్టుకీ, కడిగిన మర్నాటికే బిరుసెక్కేవాళ్లకీ ఇవి నప్పుతాయి. తడి ఆరని కొసలకు బఠాణీ గింజంత రాసి చూసుకుని, చాలకపోతేనే ఇంకాస్త తీసుకోవాలి. పలచటి, త్వరగా జిడ్డెక్కే జుట్టుకు వద్దు. బాగున్న జుట్టు కొన్ని వారాలకు బరువుగా, అట్టకట్టినట్టు వేలాడుతోందంటే పూత పేరుకుందన్నమాట. అప్పుడు లీవ్-ఇన్ మానేసి, షాంపూతో రెండుసార్లు కడిగితే చాలావరకు వదులుతుంది.